ఐసు కరిగేంతసేపూ సున్నానే: పదార్థ స్థితుల పోస్టర్‌కి నిజం చెప్పే క్యాప్షన్లు

ఫిబ్రవరి 28 దగ్గరపడితే విశాఖలో ఏ స్టేషనరీ షాపుకెళ్లినా పిల్లలు చార్టులు, స్కెచ్ పెన్నులు కొంటూ కనిపిస్తారు. జాతీయ సైన్స్ దినోత్సవానికి ఎక్కువ మంది ఎంచుకునే అంశాల్లో పదార్థ స్థితులు ఒకటి. పోస్టర్ కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. ఘనం, ద్రవం, వాయువు అని మూడు గళ్లు. వాటి మధ్య బాణాలు. ఒక్కో బాణం మీద ఒక పేరు: ద్రవీభవనం, బాష్పీభవనం, సాంద్రీకరణం, ఘనీభవనం. కింద క్యాప్షన్: "వేడి చేస్తే ఉష్ణోగ్రత పెరిగి ఐసు నీరవుతుంది, ఇంకా పెరిగి నీరు ఆవిరవుతుంది."

బాణాల్లో తప్పు లేదు. తప్పంతా ఆ క్యాప్షన్‌లోనే ఉంది. ఐసు నీరయ్యే సమయంలో ఉష్ణోగ్రత పెరగదు. నీరు మరిగి ఆవిరయ్యే సమయంలోనూ పెరగదు. స్థితి మారడంలో అసలు విశేషం అదే. పోస్టర్ సరిగ్గా ఆ ముక్క దగ్గరే తప్పు చెబుతోంది. అందుకే మూడు గళ్ల పోస్టర్‌ని పూర్తిగా మార్చక్కర్లేదు గానీ, దాని మధ్యలో కొలతతో గీసిన ఒక గ్రాఫు ఉండాలని, క్యాప్షన్లన్నీ ఆ గ్రాఫు నుంచే పుట్టాలని నేను గట్టిగా అంటాను. ఆ గ్రాఫు గీయడానికి కావలసిన లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు సొంతంగా చేయగలిగినంత తేలిక.

ముందు పిల్లలు దాన్ని కళ్లారా చూడాలి. ఒక స్టీలు గ్లాసులో బాగా దంచిన ఐసు వేసి, స్కూలు ల్యాబులో ఉండే మైనస్ 10 నుంచి 110 డిగ్రీల వరకు గీతలున్న థర్మామీటర్ పెట్టండి. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు. దాని గీతలు 35 దగ్గర మొదలై 42 దగ్గర ఆగిపోతాయి, మరిగే నీటిలో పెడితే పగిలిపోతుంది. ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐసు సున్నా కంటే బాగా చల్లగా ఉంటుంది కాబట్టి మొదట పాదరసం మెల్లగా పైకి జరుగుతుంది. సున్నా దగ్గరకి వచ్చాక ఆగిపోతుంది. గ్లాసు కింద చిన్న మంట పెట్టి కలుపుతూ ఉండండి. నిమిషం గడిచినా సున్నానే, ఐదు నిమిషాలు గడిచినా సున్నానే. ఐసు సగమై, పావై, చివరి ముక్క కూడా మాయమయ్యాక గానీ పాదరసం మళ్లీ కదలదు.

ఇక్కడ చాలామందికి సున్నా రాదు. రెండో మూడో చూపిస్తుంది, పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది. సాధారణంగా కారణం కలపకపోవడమే. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. కాబట్టి కాస్త వేడెక్కిన నీళ్లు అడుగుకి చేరి, ఐసు పైన తేలుతూ ఉంటుంది. థర్మామీటర్ బల్బు అడుగున ఉంటే అది ఐసు సంగతి చెప్పదు, అడుగు నీటి సంగతి చెబుతుంది. బల్బు గ్లాసు అడుక్కి తగలకుండా మధ్యలో పట్టుకుని, గరిటెతో కలుపుతూ చూస్తే సరిపోతుంది. ఒకవేళ సున్నా కంటే కిందికి దిగి అక్కడే నిలబడితే, ఐసులో ఎక్కడో ఉప్పు కలిసిందన్నమాట. బాగా కలిపినా, ఉప్పు లేకున్నా ఒక డిగ్రీ తేడా కనిపిస్తుంటే అది థర్మామీటర్ తేడా. దాన్ని రాసిపెట్టుకుని మిగతా కొలతల్లోంచి తీసేయాలి.

ఇక అసలు ప్రశ్న. మంట మండుతూనే ఉంది, గ్లాసులోకి వేడి వెళ్తూనే ఉంది. మరి అదంతా ఏమైంది?

ఉష్ణోగ్రత అంటే అణువులు ఎంత జోరుగా కదులుతున్నాయో చెప్పే కొలత. ఐసులో ఒక్కో నీటి అణువుని చుట్టూ ఉన్న నాలుగు అణువులు పట్టుకుని ఉంటాయి. సున్నా దగ్గర లోపలికి వచ్చిన వేడి అణువుల జోరు పెంచదు, ఆ పట్టు విడిపించడానికి ఖర్చవుతుంది. జోరు పెరగలేదు కాబట్టి థర్మామీటర్‌కి ఏమీ తెలియదు. వేడి పోలేదు, నీటిలోనే ఉంది. ఆ నీరు మళ్లీ గడ్డకట్టేటప్పుడు అంత వేడినీ తిరిగి బయటికి ఇచ్చేస్తుంది. పుస్తకాల్లో దీన్నే గుప్తోష్ణం అంటారు. పోస్టర్ మీద మాత్రం పేరు కంటే పని చెప్పడం మంచిది: "వేడి వెళ్తోంది, డిగ్రీ కదలదు. ఆ వేడి కరిగించడానికే."

ఆ వేడి ఎంతో మొదట కొలిచినాయన జోసెఫ్ బ్లాక్. 1760ల మొదట్లో, గ్లాస్గోలో. ఆయన వాడినవి రెండు గాజు పాత్రలు, థర్మామీటర్, ఒక పెద్ద గది, అంతే. ఒక పాత్రలో ఐసు. రెండో దాంట్లో అంతే బరువు నీళ్లు, దాదాపు గడ్డకట్టేంత చల్లబరిచినవి. రెండింటినీ ఒకే గదిలో వదిలేశాడు. నీళ్లు అరగంటలో 33 ఫారన్‌హీట్ డిగ్రీల నుంచి 40కి, అంటే 7 డిగ్రీలు వేడెక్కాయి. ఐసు కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. పదిన్నర గంటలంటే 21 అరగంటలు. గదిలోంచి రెండు పాత్రలకీ వేడి ఒకే జోరుతో అందుతోంది అనుకుంటే, ఐసు పాత్రలోకి 21 సార్లు ఏడేసి, మొత్తం 147 డిగ్రీలకు సరిపడా వేడి వెళ్లింది. అందులో చివరికి థర్మామీటర్ మీద కనిపించింది 8 డిగ్రీలే. మిగతా 139 డిగ్రీల వేడి కరగడానికే సరిపోయింది. ఒక గ్రాము నీటిని ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కించే వేడే ఒక కేలరీ కాబట్టి, సెల్సియస్‌లోకి మార్చి ఇప్పటి లెక్కలో చెబితే గ్రాముకి 77 కేలరీలు. ఈనాటి కొలత దాదాపు 80. రెండు పాత్రలతో, గడియారంతో అంత దగ్గరికి వచ్చాడు.

ఈ ప్రయోగం విశాఖలో తరగతి గదిలో కూడా చేయొచ్చు. ఒకేలాంటి రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో 100 గ్రాముల ఐసు, అంచులు తడిసి కరగడం మొదలైనది. ఇంకో దాంట్లో ఐసు నీళ్లని వడకట్టి తీసిన 100 గ్రాముల చల్లని నీళ్లు. నీళ్లు సున్నా నుంచి 4 డిగ్రీలకి రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఐసు కరిగి 4 డిగ్రీలకి రావడానికి ఎంతసేపో చూడండి. లెక్క ప్రకారం నీళ్లకి గ్రాముకి 4 కేలరీలు చాలు, ఐసుకి 80కి 4 కలిపి 84 కావాలి. అంటే 21 రెట్ల సమయం. బ్లాక్‌కి వచ్చిందీ 21 రెట్లే. పిల్లలకి సరిగ్గా 21 రాదు. కొంచెం అటూ ఇటూ వస్తుంది, రావాలి కూడా. వచ్చిన సంఖ్యనే పోస్టర్ మీద రాయమనండి. పుస్తకంలోది చూసి దిద్దమనొద్దు.

మన ఊళ్లో ఈ ప్రయోగానికి ఒక చిక్కుంది, అది కూడా స్థితి మార్పే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చల్లని గ్లాసు బయట నీళ్లు పడతాయి. గాలిలోని ఆవిరి నీరయ్యేటప్పుడు గ్రాముకి దాదాపు 590 కేలరీలు గ్లాసుకి ఇచ్చేస్తుంది. అంటే గ్లాసు బయట ఒక గ్రాము నీరు చేరితే, లోపల ఏడు గ్రాములకు పైగా ఐసు కరిగిపోతుంది. ఇది రెండు గ్లాసుల మీదా పడుతుంది కాబట్టి పోలిక మరీ చెడదు. కాకపోతే పొడిగా ఉండే ఊళ్లో కంటే ఇక్కడ ఐసు తొందరగా అయిపోతుంది. వేసవిలో మన గాలి ఎంత తేమగా ఉంటుందంటే, 24, 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న వస్తువేదైనా బయట చెమర్చే రోజులు చాలా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కళ్లజోడు చాలు.

ఆ 80 కేలరీల విలువ తెలియాలంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. అక్కడ బోట్లలోకి ఎక్కించే దంచిన ఐసు చూడండి. చేపని చల్లగా ఉంచడానికి చల్లని నీళ్లు ఎందుకు సరిపోవో ఒక లెక్క వేద్దాం. 30 డిగ్రీల వేడిమీద ఉన్న 10 కిలోల చేప అనుకుందాం. ఒక కిలో చేప ఒక డిగ్రీ చల్లబడాలంటే దాదాపు 0.85 కిలో కేలరీలు తీసేయాలి. సున్నాకి తేవాలంటే 10 × 30 × 0.85, అంటే 255 కిలో కేలరీలు. ఒక కిలో ఐసు కరిగితే 80 పీల్చుకుంటుంది కాబట్టి మూడు కిలోల పైచిలుకు ఐసు చాలు. అదే సున్నా డిగ్రీల నీళ్లు వాడితే? చేపని సున్నాకి తేవడం కుదరదు, 5 డిగ్రీలకి తేవడంతో సరిపెట్టుకుందాం. తీయాల్సిన వేడి 10 × 25 × 0.85, దాదాపు 212. ఒక కిలో నీరు సున్నా నుంచి 5కి పెరిగేలోపు తీసుకునేది 5 కిలో కేలరీలే. అంటే 42 కిలోల నీళ్లు కావాలి, అప్పటికీ చేప 5 డిగ్రీల దగ్గరే ఆగింది.

నిజానికి వేడి ప్రాంతాల్లో చేపకి చేపంత బరువు ఐసు వేస్తారు. చల్లబరచడానికి మూడు కిలోలే కావాలి గానీ, పెట్టె గోడల్లోంచి రోజంతా లోపలికి వచ్చే వేడిని ఆపడానికి మిగతాది కావాలి. ఐసు ఒక్క ముక్క మిగిలి ఉన్నా, చుట్టూ కరిగిన నీరు చేపకి ఆనుకుని ఉంటే, అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది. పోస్టర్ మీద హార్బర్ ఐసు బొమ్మ వేసి ఈ ఒక్క మాట రాయొచ్చు: "ఐసు ఉన్నంతసేపూ చేప సున్నా దగ్గరే." ఏ పుస్తకంలోంచీ ఎత్తి రాయక్కర్లేని క్యాప్షన్ ఇది.

ఇప్పుడు గ్రాఫు గీద్దాం. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉన్న 100 గ్రాముల ఐసుతో మొదలుపెట్టి, మొత్తం ఆవిరయ్యేదాకా వేడి ఇస్తాం. ఐసు ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కాలంటే అర కేలరీ చాలు. కాబట్టి సున్నాకి రావడానికి 500 కేలరీలు. కరగడానికి 100 × 80, అంటే 8,000. సున్నా నుంచి 100 డిగ్రీలకి రావడానికి 100 × 100, అంటే 10,000. ఆవిరవడానికి 100 × 540, అంటే 54,000. చల్లని గ్లాసు దగ్గర గ్రాముకి 590 అన్నాం గానీ, 100 డిగ్రీల దగ్గర అది 540. మొత్తం 72,500 కేలరీలు.

మామూలు చార్టు దాదాపు 71 సెంటీమీటర్ల పొడవు, 56 వెడల్పు ఉంటుంది. దాన్ని అడ్డంగా పెట్టి, ఒక సెంటీమీటరుకి 1,250 కేలరీలు అనుకుంటే గ్రాఫు సరిగ్గా 58 సెంటీమీటర్లు వస్తుంది. నిలువుగా ఒక సెంటీమీటరుకి 5 డిగ్రీలు. ఐసు వేడెక్కే గీత 0.4 సెంటీమీటర్లే, నిటారుగా రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. కరిగే గీత 6.4 సెంటీమీటర్లు, పడుకుని ఉంటుంది. నీరు వేడెక్కే గీత 8 సెంటీమీటర్లు జరుగుతూ 20 సెంటీమీటర్లు పైకి ఎక్కుతుంది. ఆ తర్వాత 43.2 సెంటీమీటర్ల పొడవునా ఒకటే అడ్డగీత.

ఈ చివరి గీత పిల్లలకి నమ్మబుద్ధి కాదు. చాలా పోస్టర్లలో ఈ గ్రాఫుని ఐదు సమాన మెట్లుగా గీస్తారు, చూడ్డానికి అందంగా ఉంటుంది. దాంతో కరగడానికీ, ఆవిరవడానికీ ఒకే వేడి పడుతుందన్న తప్పు అభిప్రాయం కంటికి అంటుకుంటుంది. కొలతతో గీస్తే మొత్తం వేడిలో దాదాపు మూడొంతులు, అంటే నాలుగింట మూడు భాగాలు, ఒక్క ఆవిరి గీతే తినేస్తోందని దూరం నుంచే తెలుస్తుంది. ఎందుకంత? కరిగేటప్పుడు పట్టు కొంతే సడలుతుంది, అణువులు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఆవిరయ్యేటప్పుడు ప్రతి అణువూ మిగతావాటి నుంచి పూర్తిగా విడిపోవాలి, చుట్టూ ఉన్న గాలిని తోసుకుని చోటు చేసుకోవాలి. ఆ గీత కింద క్యాప్షన్ చిన్నగా చాలు: "ఇంత పొడవూ 100 డిగ్రీలే."

ఇంట్లో పొయ్యి మీద కూడా దీన్ని చూడొచ్చు. మూత లేని గిన్నెలో, ఒకే మంట మీద, సున్నా దగ్గరి నీళ్లు మరగడానికి 10 నిమిషాలు పడితే, అవి పూర్తిగా ఆవిరవడానికి లెక్క ప్రకారం 54 నిమిషాలు పట్టాలి. నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది, ఎందుకంటే గిన్నె వేడిగా ఉన్నంతసేపూ చుట్టూ గాలికి వేడి పోతూనే ఉంటుంది. గిన్నె పూర్తిగా ఎండిపోయేదాకా మాత్రం ఆగొద్దు. పావు వంతు నీళ్లు మిగిలినప్పుడే ఆపేసి, తూకం వేసి లెక్క కట్టండి.

అంత వేడి దాచుకున్న ఆవిరి మళ్లీ నీరయ్యేటప్పుడు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఇడ్లీ ఉడికేది అలాగే. ఇడ్లీ పళ్లెం నీటిని తాకదు. ఆవిరి వచ్చి చల్లని పళ్లెం మీద, పిండి మీద నీరై, గ్రాముకి 540 కేలరీలు వదులుతుంది. ఆవిరితో చెయ్యి కాలితే మరిగే నీటితో కాలినదానికంటే ఎక్కువ బాధించడానికీ ఇదే కారణం. 100 డిగ్రీల నీరు ఒక గ్రాము, ఒంటి వేడికి, అంటే 37కి చల్లబడేలోపు చర్మానికి 63 కేలరీలు ఇస్తుంది. ఒక గ్రాము ఆవిరైతే ముందు 540, తర్వాత ఆ 63, మొత్తం 603. దాదాపు పది రెట్లు. స్టాల్ దగ్గర కెటిల్ పెట్టి చూపించే పిల్లలకి ఈ లెక్క ముందే చెప్పాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

కెటిల్ పెడితే ఒకటి దగ్గరగా చూపించండి. మూతి నుంచి వచ్చే తెల్లటి పొగని అందరూ ఆవిరి అంటారు. మూతికీ ఆ తెల్లదనానికీ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉంటుంది, అక్కడ ఏమీ కనిపించదు. ఆ ఏమీ కనిపించని చోటే నిజమైన ఆవిరి ఉంది. నీటి ఆవిరికి రంగు లేదు, కంటికి కనపడదు. కాస్త ముందుకెళ్లి చల్లబడ్డాక అది చిన్న చిన్న నీటి బొట్లుగా మారుతుంది. మనకి తెల్లగా కనిపించేది అదే, అంటే ద్రవం. ఇంకొంచెం పైకెళ్లాక ఆ బొట్లు గాలిలో ఇగిరిపోయి తెల్లదనం మాయమవుతుంది. ఒక్క జానెడు ఎత్తులో రెండు స్థితి మార్పులు. బొమ్మలో తెల్లటి మేఘానికి "వాయువు" అని బాణం పెడితే తప్పు. బాణం ఆ ఖాళీ వైపు చూపించి "ఆవిరి ఇక్కడ, కనపడదు", మేఘం వైపు చూపించి "ఇవి నీటి బొట్లు" అని రాయాలి.

ఇక పైన ఉండే మూడు గళ్లు. చుక్కలతో అణువుల్ని చూపించే ఆ బొమ్మల్లో ఘనంలో చుక్కలు దగ్గరగా, ద్రవంలో కాస్త దూరంగా, వాయువులో ఇంకాస్త దూరంగా వేస్తుంటారు, ద్రవం సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. నీటి విషయంలో ఇది రెండు విధాలా తప్పు. ఐసు నీటి మీద తేలుతుంది, ఎందుకంటే అదే బరువుకి ఐసు దాదాపు 9 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. అంటే ఐసు గడిలోనే చుక్కలు కొంచెం తక్కువ ఉండాలి, ఆరు మూలల గళ్లుగా, మధ్యలో ఖాళీలతో, వరుసగా. నీటి గడిలో చుక్కలు వరుస లేకుండా, ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి.

ఆవిరి గడి సంగతే అన్నిటికంటే ముఖ్యం. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ పంచితే ఒక్కో వైపు సుమారు 12 రెట్లు, ఎందుకంటే 12 × 12 × 12 అంటే 1,728. కాబట్టి 12 సెంటీమీటర్ల గడిలో నీటి చుక్కల్ని సెంటీమీటరుకొకటి చొప్పున వేస్తే 144 పడతాయి. అదే గడిలో ఆవిరికి పడేది ఒకే ఒక్క చుక్క. చుక్క సైజు మాత్రం మార్చకూడదు. వేడికి అణువులు ఉబ్బవు, వాటి మధ్య దూరమే పెరుగుతుంది. ఖాళీగా కనిపించే ఆ గడి చూసి ఎవరైనా "ఇది పూర్తి చేయలేదా?" అని అడుగుతారు. అడిగేలా ఉండడమే మంచిది. కింద క్యాప్షన్: "ఒక్క చుక్కే. 1,700 రెట్ల చోటంటే ఇంత."

ఇగరడం, మరగడం రెండూ ఒకటే అనుకునేవాళ్లు కూడా చాలామందే. రెండింటిలోనూ ద్రవం వాయువవుతుంది, కానీ ఇగరడం పైపొర నుంచి, ఏ ఉష్ణోగ్రతలోనైనా జరుగుతుంది. దాబా మీద ఆరేసిన బట్టలు 100 డిగ్రీలకి ఎప్పుడూ చేరవు. గాలిలో అప్పటికే ఆవిరి నిండుగా ఉంటే, ఇగిరిన అణువులతో పాటు తిరిగి వచ్చి చేరే అణువులూ ఎక్కువే కాబట్టి ఆరడం నెమ్మదిస్తుంది. వానాకాలంలో బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. మరగడం అంటే ద్రవం లోపల కూడా ఆవిరి బుడగలు పుట్టి, నిలబడగలిగే స్థితి. బయటి గాలి ఒత్తిడిని ఆ బుడగలోని ఆవిరి తట్టుకోగలిగినప్పుడే అది కుదురుతుంది. మొదట్లో గిన్నె అంచుల్లో వచ్చే చిన్న బుడగలు మరగడం కాదు, నీటిలో కలిసి ఉన్న గాలి బయటికి వస్తోంది. తర్వాత అడుగు నుంచి వచ్చే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరే.

గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది కాబట్టే "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అనే క్యాప్షన్‌కి ఒక చిన్న షరతు చేర్చాలి. విశాఖ తీరంలో అది నిజం. అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ప్రతి 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి అక్కడ నీరు 97 దగ్గరే మరుగుతుంది. పోస్టర్ మీద "విశాఖ తీరంలో 100, అరకులో 97" అని రాస్తే చాలు, ఒత్తిడి గురించి పిల్లలు నోటితో చెప్పొచ్చు.

క్యాప్షన్ ఎంత చిన్నదైతే అంత మంచిదే, చార్టుకి రెండు మీటర్ల దూరంలో నిలబడేవాళ్లు చదవాలి కదా. వత్తులు, గుణింతాలు కలిసిపోకుండా తెలుగుకి వరసల మధ్య కాస్త ఎక్కువ చోటు వదలాలి, అందుకే మాటలు తగ్గించాలి. అయితే తగ్గించేటప్పుడు నిజం తెగిపోకూడదు. నేను వాడే పరీక్ష ఒకటే. క్యాప్షన్ చదివి పక్కవాళ్లు "ఎందుకు?" అనో "ఎక్కడ?" అనో అడిగితే పిల్లలు జవాబు చెప్పగలగాలి. సైన్స్ డే రోజున మేడమ్ వచ్చి "మంట పెడుతూనే ఉన్నావు కదమ్మా, మరి థర్మామీటర్ ఎందుకు కదల్లేదు?" అంటే, "ఆ వేడి ఐసుని కరిగించడానికి సరిపోయింది మేడమ్, ఇంకా వేడెక్కించడానికి ఏమీ మిగల్లేదు" అని చెప్పగలిగితే గ్రాఫు అర్థమైనట్టే.

చివరి బాణం ఒకటి మిగిలింది, ఘనం నుంచి నేరుగా వాయువు. దీనికి అందరూ కర్పూరాన్నే రాస్తారు, రాయొచ్చు కూడా. కానీ పక్కన హారతి బొమ్మ వేస్తే తప్పు. వెలిగించిన కర్పూరం మండిపోయి వేరే పదార్థాలుగా మారుతుంది. అది రసాయన మార్పు, స్థితి మార్పు కాదు. ఉత్పతనం చూపించాలంటే కర్పూరం బిళ్లని వెలిగించకుండా మూత లేని చిన్న గిన్నెలో పెట్టి, మొదటి రోజూ, వారం తర్వాతా ల్యాబులోని సన్నని తూకం మీద తూచండి. తగ్గిన బరువే సాక్ష్యం. దానికి క్యాప్షన్: "వెలిగించలేదు, తడవలేదు, తగ్గిపోయింది." బిళ్ల చుట్టూ ఎక్కడా ద్రవం కనిపించలేదని పిల్లలు రోజూ చూసి రాసుకున్న కాగితాన్ని ఆ గిన్నె పక్కనే అతికించాలి.